పదవి లేని పెత్తనానికి రెండు ఉదాహరణలు

నోటీసు బోర్డులో ఆ కాగితం అంటించిన రోజు నేను దాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం వేసింది, రెండోసారి అనుమానం వచ్చింది, మూడోసారి ఒళ్లు మండిపోయింది. లైన్ సూపర్‌వైజర్ పోస్టు ఒకటి, లోపల పనిచేసేవాళ్లకే. ప్లస్ టూ చదివి ఉండాలి, ఎనిమిదేళ్ల అనుభవం ఉండాలి, వయసు ముప్పై ఐదు నిండకూడదు. ఇంతవరకూ బాగానే ఉంది. అడుగున ఇంకో వాక్యం ఉంది. అభ్యర్థులు ఏ పదవీ లేకుండా నలుగురిని నడిపించిన సందర్భాలు రెండు ఉదాహరణలుగా సిద్ధం చేసుకుని రావాలట.

పదకొండేళ్లుగా నేను ఆ ఫ్యాక్టరీలో చేస్తున్నది అదే. ఇప్పుడొచ్చి దానికి సాక్ష్యం తెమ్మంటారా అని అక్కడే నిలబడి పక్కనున్న వాచ్‌మన్‌ను అడిగాను. ఆయన పాపం, బోర్డు అద్దానికి తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

మా ఫ్యాక్టరీ తిరువళ్ళూరు దాటాక ఉంది. కార్లలో వాడే వైర్ల గుత్తులు చేస్తాం. పెద్ద బోర్డు మీద మేకులుంటాయి, వాటి వెంట వైర్లు పరిచి, కొసలను ప్లాస్టిక్ కనెక్టర్లలో గుచ్చి, టేపు చుట్టాలి. ఈ పదకొండేళ్లలో మా లైనుకు ఇద్దరు సూపర్‌వైజర్లు బయటినుంచి వచ్చారు. ఇద్దరూ డిప్లొమా చదివినవాళ్లే, ఇద్దరికీ ఏ వైరు ఏ రంధ్రంలోకి వెళ్తుందో నేనే నేర్పాను. నేర్చుకున్నాక ఇద్దరూ నా రిపోర్టు మీద తప్పులు పట్టి సంతకం పెట్టారు. ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, నాకు ముప్పై ఐదు నిండుతుంది. అంటే ఈ పోస్టు తప్పిపోతే మూడో మనిషికి కూడా నేర్పి, ఆ మనిషి సంతకం కోసం కాచుకోవాలి. ఆ ఆలోచనకే నాకు అన్నం సయించలేదు.

పొద్దున షిఫ్టు వారం నేను తిరుత్తణిలో మొదటి రైలెక్కుతాను. ఆ లేడీస్ పెట్టెలో నాకు ఒక అక్క ఉంది. ఆంధ్రా సరిహద్దు ఊరి రైతుల ఇంటిపిల్ల, ఇంకో కంపెనీలో హెచ్చార్ ఆఫీసులో పని. ఇంటర్వ్యూలు చేసే పెద్దవాళ్ల పక్కన కూర్చుని మార్కులు రాసే మనిషి. ఎన్ని వందల మంది అబద్ధాలు విన్నదో ఆమెకే తెలియదు. నోటీసు సంగతి చెప్పగానే టిఫిన్ డబ్బా మూత పెట్టేసి, నా నోట్‌బుక్ లాక్కుని, పేజీలో నాలుగు గళ్లు గీసింది.

"మొదటి గడిలో ఏం జరిగిందో రాయి. రెండోదాంట్లో నీ పని ఏందో. మూడోదాంట్లో నువ్వు ఏం చేసినావో. నాలుగోదాంట్లో దాని వల్ల ఏమైందో. ఇంతే. మార్కులు అంతా మూడో గడికే. అందరూ ఆ గడిలోనే జారిపోతారు."

"నేను జారను లేక్కా," అన్నాను.

నా మొదటి ఉదాహరణ ఆ పెట్టెలోనే ఉంది. తిరుత్తణిలో ఎక్కే మాకు సీట్లు దొరుకుతాయి. అరక్కోణంలో, తిరువాలంగాడులో ఎక్కేవాళ్లు తిరువళ్ళూరు దాకా నిలబడే రావాలి. మూడేళ్ల కిందట నేనొక పద్ధతి పెట్టాను. తిరుత్తణి వాళ్లు తిరువాలంగాడు దాకా కూర్చోవాలి, అక్కడ లేచి నిలబడ్డవాళ్లకు ఇవ్వాలి. ఇప్పటికీ అట్లాగే నడుస్తోంది. నేను రైల్వే ఆఫీసర్ని కాను, టికెట్ కలెక్టర్ని కాను. ఇంతకంటే మంచి ఉదాహరణ ఎవరికి ఉంటుంది? మూడో గడిలో అక్క చెప్పినట్టే రాశాను: అందరితో మాట్లాడి, ఒప్పించి, ఏకాభిప్రాయం సాధించాను.

రాసింది పైకి చదివాను. ఎదురు సీట్లో పూలు కడుతున్న ఆమె దారం తెంపడం ఆపింది.

"ఒప్పించినావా?" అంది. "నా బ్యాగు ఎత్తి పైన పడేసినావు గదా."

"నన్ను రెక్క పట్టుకొని లేపినావు," అంది కిటికీ పక్కనామె. "నాకు ఆ దినం జ్వరం కూడా."

"మా అత్తకు చెప్తానన్నావు," అంది ఇంకొకామె. "మా అత్త ఎవరో కూడా నీకు తెలీదు."

అక్క నా నోట్‌బుక్ తీసుకుని మూడో గడి మీద నెమ్మదిగా ఒక అడ్డగీత కొట్టింది. మార్కులు రాసే చెయ్యి కదా, గీత చాలా తిన్నగా వచ్చింది.

రెండో ఉదాహరణ మా వీధిది. మా అత్తగారిది నేతపని చేసే ఇల్లు. మా వీధిలో ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయాయి, అయినా మా మామ ఇంకా నేస్తాడు. పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకు, గంజి పెట్టాలంటే వీధి పొడుగునా దాన్ని పరిచి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, అది ఆరేలోపల ఇద్దరిద్దరుగా పెద్ద కుంచె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వుతూ పోవాలి. నేత మానేసి ఉద్యోగాల్లోకి పోయినవాళ్లు కూడా ఆ పొద్దుకు వచ్చి చెయ్యి వేస్తారు. ఇవాళ మాకైతే రేపు వాళ్లకు. ఒకసారి పడుగు వీధిలో ఉండగానే వాన కమ్ముకొచ్చింది. నేను అరుగు మీదెక్కి అందరినీ పురమాయించి, చినుకు పడేలోపల పడుగు ఎత్తించి లోపల పెట్టించాను.

దీనికి సాక్షి కావాలని సాయంత్రం మామనే అడిగాను. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడితే బాగుండదని నాకు తెలిసి కూడా అడిగాను.

"నువ్వు అరిచినావు," అన్నాడు. "వాళ్లు ఎత్తినారు."

"నేను అరిచినందుకే గదా మామా ఎత్తింది?"

"వాన వచ్చినందుకు ఎత్తినారు."

మరునాడు రైల్లో ఇది కూడా అక్కకు చెప్పాను. చెప్పకుండా దాచలేకపోయాను, ఆ అన్యాయం ఎవరికైనా చెప్పుకోవాలి కదా. అక్క నవ్వి నవ్వి దగ్గింది. తరవాత నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"అమ్మీ, నువ్వు చెప్పే కతలన్నిట్లో నువ్వు అరుస్తావు, వాళ్లు చేస్తారు. అరిచేదానికి పదవి లేకపోయినా గొంతు ఉంటే చాలు. నువ్వు అరిచినా విననోళ్లు ఒకరన్నా లేరా?"

ఉన్నారు. ఒక్కతే ఉంది. ఆ పేరు తలుచుకుంటేనే నాకు పళ్లు నూరుకునే అలవాటు.

మా లైనులో రెండు బ్యాచులు. ఒక వారం మేం పొద్దున, వాళ్లు మధ్యాహ్నం. ఇంకో వారం వాళ్లు పొద్దున, మేం మధ్యాహ్నం. షిఫ్టు మారేటప్పుడు ప్రతి బోర్డు మీదా సగం చేసిన గుత్తి ఒకటి ఉండిపోతుంది. పోయేవాళ్లు ఎక్కడిదాకా గుచ్చారో వచ్చేవాళ్లకు తెలియదు. గోధుమ రంగు మీద తెల్ల గీత వైరు ఉంటుంది, గోధుమ రంగు మీద పసుపు గీత వైరు ఉంటుంది. ఒకటి వెళ్లే చోట ఇంకొకటి వెళ్తుంది, లేదా ఒకటి గుచ్చకుండానే టేపు చుట్టేస్తారు. చివర్లో కరెంటు టెస్టు పెట్టే బల్ల దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. గుత్తి విప్పి మళ్లీ కట్టాలి. ఆ విప్పే బల్ల మీద కుప్ప పెరిగేకొద్దీ మీవల్లే అని వాళ్లను మేం, మావల్ల కాదు మీవల్లే అని మమ్మల్ని వాళ్లు తిట్టుకునేవాళ్లం.

ఆ రెండో బ్యాచిలో అందరూ వినేది ఒక పిల్ల మాట. నాకంటే ఏడేళ్లు చిన్నది, పళ్లిపట్టు వైపు నుంచి వస్తుంది, మా వాళ్లే, తెలుగే. గంట కొట్టగానే పరుగెత్తకుండా అయిదు నిమిషాలు నిలబడి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి పొమ్మని ఆమెతో మూడు వారాలు పోట్లాడాను. ఆ పిల్ల ఎప్పుడూ తిరిగి అరవలేదు. నేను అరుస్తుంటే సంచీ జిప్పు వేసుకునేది. జిప్పు పూర్తి కాగానే వెళ్లిపోయేది. ఒకరోజు అరిచి అరిచి గొంతు పోయి, మాట రాక, "నీకు ఏందికి కుదరదో అదన్నా చెప్పు," అని సైగలు కలిపి అడిగాను.

"ఇప్పుడు గదక్కా అడిగినావు," అంది. "గంట కొట్టిన ఆరు నిమిషాలకు కంపెనీ బస్సు బయలుదేరతాది. అది పోతే రైలు పోతాది. రైలు పోతే మా పాప బడి కాడ ఒంటరిగా నిలబడి ఉంటాది. మీరు పోయే వారం నువ్వు యా దినమన్నా నిలబడినావా?"

నిలబడలేదు. మేం పోయే వారం నేనే అందరికంటే ముందు బస్సులో కిటికీ సీటు పట్టేదాన్ని. ఆ సంగతి నాకు అంతవరకూ తట్టనే లేదు.

ఆ రాత్రంతా ఉడికిపోయాను. ఎందుకంటే దానికి మందు నాకు తెలిసిపోయింది. వచ్చే బ్యాచి బస్సు షిఫ్టుకు ఇరవై నిమిషాల ముందే ఫ్యాక్టరీకి చేరుతుంది. ఆ ఇరవై నిమిషాలూ మేం క్యాంటీన్‌లో టీ తాగుతాం. నిలబడాల్సింది పోయేవాళ్లు కాదు, ముందుగా రావాల్సింది వచ్చేవాళ్లు. మరునాడు టీ మానేసి పది నిమిషాల ముందే ఒక్కదాన్నే బోర్డు దగ్గరికి వెళ్లాను. ఆ పిల్ల ఆశ్చర్యపోయి, పని చేస్తూనే, ఇదిగో ఇక్కడిదాకా వచ్చిందని చూపించింది. ఆగిన చోట గుర్తుకు మా ఇంటి బట్టల క్లిప్పు ఒకటి పెట్టాను. మూడోనాడు క్వాలిటీ ఇంజినీరు వచ్చి, బోర్డు మీద బయటి వస్తువులు పెట్టకూడదని క్లిప్పు పీకి జేబులో వేసుకుపోయాడు. ఆయన వెనకాలే పోయి, అయితే మీరే ఏదో ఒకటి ఇవ్వండని అడిగాను. రెండు రోజులకు ఎర్ర ట్యాగులు ఇచ్చారు. మా బ్యాచివాళ్లను మాత్రం నేను పిలవలేదు. కోపంతోనే పిలవలేదు, నిజం చెప్తున్నాను. ఆరోరోజు ఇద్దరు టీ గ్లాసులు పెట్టేసి నా వెనక వచ్చారు. తరవాతి వారం వాళ్లు వచ్చే వంతు. ఆ పిల్ల తన బ్యాచినంతా వెంటేసుకుని ముందే వచ్చి నిలబడింది. నెల తిరిగేసరికి విప్పే బల్ల మీద కుప్ప పోయి, ఆ బల్ల మీద ఎవరో టిఫిన్ సంచులు పెట్టడం మొదలుపెట్టారు.

ఇదంతా వినేసరికి మా రైలు కడంబత్తూరు దాటింది. అక్క కొత్త పేజీలో నాలుగు గళ్లు గీసి ఇచ్చింది.

"ఇది పెట్టుకొని బ్యాగులు పైన పడేసిన కత చెప్పినావు గదే," అంది.

"ఇందులో నేను ఓడిపోయినాను గదక్కా."

"మూడో గడి నిండింది చూడు. అడిగినావు, ముందు నువ్వు చేసినావు, పైవాళ్ల దగ్గర ట్యాగు తెచ్చినావు. ఇదే వాళ్లకు కావాల్సింది. అడిగేది నీకు అలవాటు లేదు, అంతే. ఆదివారం ఇంట్లో అలవాటు చేసుకో. ఏదన్నా చెప్పే ముందు, మీరేమనుకుంటున్నారు అని అడుగు."

ఇక్కడే నేను మా వంశంలో ఎవరూ చెయ్యని తప్పు చేశాను.

ఆదివారం తెల్లవారుతూనే మా పడుగు వీధిలో పరిచారు. గంజి పట్టించారు. మామ ఆ చివర తాడు బిగించి పట్టుకున్నాడు. కుంచెలు పట్టుకుని రెండు జతలు సిద్ధంగా ఉన్నాయి. మామూలుగా అయితే ఈ చివర నేను "పదండి" అని ఒక్క కేక వేస్తాను, కదులుతారు. ఆరోజు నేను వేయలేదు. ముఖంలో చిరునవ్వు పెట్టుకుని, "ఈసారి ఏ పక్కనుంచి మొదలుపెడితే బాగుంటాదని మీరంతా అనుకుంటాండారు?" అని అడిగాను.

ఎదురింటి బావ కుంచె దించి, "ఒళ్లు బాగలేదా?" అన్నాడు.

"బాగనే ఉండాది బావా. మీ అభిప్రాయం అడుగుతాండాను."

అభిప్రాయం అడిగితే మా వీధిలో లేనిది ఎవరికి? ఉత్తరం నుంచి మొదలుపెట్టాలని ఒకరు, ఎండ అటు ఉంది కాబట్టి దక్షిణం నుంచని ఒకరు. ఆ మాటకొస్తే గంజి పల్చగా ఉందని ఒక పెద్దామె, చిక్కగా ఉందని ఆమె చెల్లెలు. ఇరవై ఏళ్ల కిందట ఎవరి పడుగు ఎవరు తొక్కారో అది కూడా బయటికి వచ్చింది. నేను మధ్యలో నిలబడి అందరి మాటా తలూపుతూ వింటున్నాను. నోట్‌బుక్ ఒక్కటే తక్కువ. ఇంతలో ఆ చివర నుంచి మామ ఒక చెయ్యి పైకెత్తి కిందికి దించాడు. అందరూ గమ్మున అయిపోయి కుంచెలు పట్టుకుని పరుగు తీశారు. అప్పటికే ఒక మూర మేర గంజి ఆరి, పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి.

ఆ మూర పొడుగు పోగులు నేనే విడదీశాను. తడిగుడ్డతో తడుపుతూ ఒక్కొక్క పోగు తీస్తూ మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్నాను. వీధిలో పోయే ప్రతివాళ్లూ ఆగి, ఏ పక్కనుంచి మొదలుపెట్టావని నా అభిప్రాయం అడిగి మరీ పోయారు. మామ నా పక్కన కూర్చుని తెగిన పోగులు అతుకుతున్నాడు. ఒక పోగు ముడి వేసి అన్నాడు.

"అడిగేది తప్పు కాదు. గంజి పెట్టకముందు అడగాల. రాత్రే అడిగి ఉంటే అందరూ చెప్పి ఉంటారు. గంజి పెట్టినాక అడిగేది లేదు."

"నీ చెయ్యి ఎత్తితే ఎట్ల విన్నారు మామా వాళ్లు?"

"వాళ్ల పడుగులకు నేను పోతాను గదా," అన్నాడు. అంతే, మళ్లీ పోగుల్లో పడ్డాడు.

ఇంటర్వ్యూ బుధవారం. ఉదాహరణను రెండు రోజులు సాన పట్టి, నా ఓటమి కనబడకుండా సర్ది, కంఠస్థం చేశాను. నా కథలో ఆ పిల్ల పేరు లేదు. "సహకరించని ఒక ఉద్యోగిని" అని పెట్టాను. రాసేటప్పుడు ఆ మాట నాకు చాలా బాగా నచ్చింది కూడా.

హెచ్చార్ గది బయట బెంచీ మీద అయిదుగురం కూర్చున్నాం. నా పక్కన ఎవరనుకున్నారు, ఆ పిల్లే. తనూ దరఖాస్తు పెట్టిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇస్త్రీ చీర కట్టుకుని, ఒళ్లో ఒక కాగితం మడిచి పెట్టుకుంది. ముగ్గురు లోపలికి వెళ్లి వచ్చారు. తరవాత నా వంతు, నా వెనక తన వంతు. అప్పుడు మెల్లగా నా వైపు వంగింది.

"అక్కా, కోపం తెచ్చుకోకు. ఒకటి అడగాల. లోపల ఒక ఉదాహరణ చెప్పేదుంది. పేరు చెప్పను. నిన్ను వాడుకోవచ్చా?"

"దేనికి?"

"కష్టమైన మనిషికి," అంది.

నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. కష్టమైన మనిషా? నేనా? మూడు వారాలు జిప్పు వేసుకుంటూ పోయింది ఎవరు?

"ఏమని చెప్తావు?" అన్నాను.

"ఒకామె మా మీద దినమూ అరిచేది. మంచిదే, పని తెలిసిన మనిషే, కానీ వినేది తెలీదు. నేను ఎదురు అరవలేదు. అరిచి అలిసిపోయేదాకా కాచుకొని, ఆమె అడిగిన దినం మా కష్టం చెప్పినాను. అప్పుడు ఆమే దారి కనిపెట్టింది. మా వాళ్లను ఆ దారిలో నేను తెచ్చినాను. ఇంతే అక్కా. నీకు వద్దంటే చెప్పను. నాకు ఇంకోటి ఉండాది, చిన్నది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా పర్సులోని కాగితంలో ఆ పిల్ల "సహకరించని ఉద్యోగిని" అయి మడతపెట్టి ఉంది. తను నన్ను వాడుకునే ముందు అడిగింది. నేను తనను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఆ క్షణంలో నాకు వచ్చిన సిగ్గు ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఈ పోస్టు ఈ పిల్లకే పోతుందని, పోవడమే న్యాయమని కూడా అనిపించింది. అనిపించగానే ఏడుపు వచ్చింది, ఆడి నెల ఇంకా రెండు నెలలే ఉంది కదా.

"చెప్పుకో," అన్నాను. "వినేది తెలీదు అనేది కొంచెం తగ్గించి చెప్పు."

"సరేక్కా," అంది బుద్ధిగా.

లోపల ముగ్గురున్నారు. హెచ్చార్ మేడమ్, ప్రొడక్షన్ మేనేజరు, మా క్లిప్పు పీకిన క్వాలిటీ ఇంజినీరు. తమిళంలోనే అడిగారు. ఉదాహరణ చెప్పమన్నారు. కంఠస్థం చేసింది మొదటి మాట దాకా నోటికి వచ్చి ఆగిపోయింది. పక్క మనిషిని అట్లా పెట్టి చెప్పడానికి నోరు రాలేదు.

"ఈ కథలో కష్టమైన మనిషిని నేనే," అని మొదలుపెట్టాను.

మూడు వారాలు అరిచినదీ, గొంతు పోయినదీ, బస్సు సంగతీ, నేనే కిటికీ సీటు పట్టుకునే సంగతీ అన్నీ చెప్పాను. ఒక్కదాన్నే ముందు పోవడం నా పని, రెండో బ్యాచిని తేవడం నా పని కాదు, అది వాళ్లలో ఒకామె చేసింది అని చెప్పాను. మేనేజరు రాసుకున్నాడు. క్వాలిటీ ఇంజినీరు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఆ బట్టల క్లిప్పు మీదేనా?"

"నాదే సార్. ఇంకా మీ దగ్గరే ఉంది."

మేడమ్ పెన్ను కింద పెట్టి అడిగింది. "మీరు అరిచారు, ఫలితం రాలేదు. అడిగారు, వచ్చింది. ఇక సూపర్‌వైజర్ అయితే ప్రతిదీ అడిగి చేస్తారా?"

"లేదు మేడమ్. గంజి పెట్టకముందు అడుగుతాను. పెట్టాక అడగను."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పక తప్పలేదు. ఆదివారం కథంతా చెప్పాను. వీధి మధ్యలో నిలబడి అభిప్రాయాలు సేకరించడం, గంజి ఆరిపోవడం, మూర పొడుగు పోగులు విడదీయడం. లైను నడుస్తుండగా చర్చ పెట్టను, చర్చంతా షిఫ్టుకు ముందే పెట్టుకుంటాను, లైన్లో ఒక్క మాటే ఉంటుంది, ఆ మాట వినాలంటే ముందు వాళ్ల కష్టం నేను మోసి ఉండాలి అన్నాను. మేనేజరు నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగాడు. ఆయనదీ నేతపని చేసే ఊరేనట. కుంచె పట్టుకోవడం తనకూ వచ్చని చెప్పాడు. రెండో ఉదాహరణ ఉందా అని అడిగారు. బ్యాగులు పైన పడేసిన సంగతి చెప్పకుండా, ఇదే రెండుగా లెక్కేసుకోమన్నాను.

తొమ్మిది రోజులకు పిలిచి చెప్పారు. పోస్టు నాకే. ఆర్నెల్లు ప్రొబేషన్. ఆ పిల్ల పేరు తరవాతి ఖాళీకి రాసి పెట్టారట.

రైల్లో అక్క అందరికీ వడలు కొనిపెట్టింది. జ్వరంతో లేచిన ఆమె రెండు తీసుకుంది. ఇంటికి పోయి మామకు చెప్పాను. ఆయన మగ్గం ఆపలేదు.

"మంచిది," అన్నాడు. "ఇంతదాకా నీ మాట విన్నోళ్లు వాళ్ల ఇష్టంతో విన్నారు. ఇంక చూడు."

ఆయన ఎప్పుడూ ఇంతే, మంచి మాటకు ఒక ముల్లు తగిలిస్తాడు అనుకుని పట్టించుకోలేదు.

సోమవారం మాది మధ్యాహ్నం షిఫ్టు. బూడిద రంగు కోటు ఇచ్చారు, జేబు మీద ప్లాస్టిక్ కార్డు. బస్సు దిగి క్యాంటీన్‌లో కూర్చుని, షిఫ్టుకు పది నిమిషాల ముందు అలవాటుగా లేచి, పదండి అన్నాను. మా బ్యాచిలో ఒక్కరూ కదల్లేదు.

"నువ్వు ఉండావు గదక్కా," అంది నాతో ఆరేళ్లుగా పనిచేసే ఆమె, టీ ఊదుకుంటూ. "ఇన్నాళ్లూ ఎవరూ లేరని మేం పోయినాం. ఇప్పుడు సూపర్‌వైజర్ చూసుకుంటాది."

నోరు తెరిచాను. లోపల కేక సిద్ధంగా ఉంది, దానికి ఇప్పుడు కోటు కూడా ఉంది. మూసుకున్నాను. ఒక్కదాన్నే లైను దగ్గరికి నడిచాను.

బోర్డు దగ్గర ఆ పిల్ల పొద్దున షిఫ్టు చివరి గుత్తి గుచ్చుతోంది. నా వెనక ఎవరూ లేకపోవడం చూసింది, కోటు చూసింది, మళ్లీ నా వెనక చూసింది.

"ఏందక్కా, మళ్లా మొదటినించీనా?"

"మళ్లా మొదటినించే," అన్నాను.

"పోయినసారి ఎన్ని దినాలు పట్టె?"

"ఆరు."

"ఈసారి కోటు ఉండాది గదా. పది పడతాదిలే," అంది జాలిగా.

కోటు విప్పి బోర్డు మేకుకు తగిలించాను. బోర్డు మీద బయటి వస్తువులు పెట్టకూడదని గుర్తొచ్చి, తీసి మళ్లీ తొడుక్కున్నాను. తరవాత ఎర్ర ట్యాగు చేతిలోకి తీసుకుని, ఎక్కడిదాకా వచ్చిందో చెప్పమని ఆ పిల్లను అడిగాను.